కాంట్రాక్టరు చెల్లింపులో మూలంలో పన్ను కోత: ఖర్చు, బాధ్యతల నమోదు

కాంట్రాక్టరుకు చెల్లించే సొమ్ములో కొంత భాగాన్ని ఆదాయపు పన్నుగా ముందే పట్టి ఉంచి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు పేరు మీద ప్రభుత్వానికి జమ చేయడాన్ని మూలంలో పన్ను కోత అంటారు. వాడుకలో ఇది టీడీఎస్. భారతదేశంలో కాంట్రాక్టు చెల్లింపులకు సంబంధించిన కోత 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 194సి సెక్షను కింద రూపుదిద్దుకుంది. ఇందులో పని చేయించుకున్నవారి ఖర్చు తగ్గదు, పెరగదు. బిల్లు లక్ష రూపాయలైతే ఖర్చు లక్ష రూపాయలే. మారేది ఆ లక్ష ఎవరెవరికి బాకీ అన్నదే. ఒక భాగం కాంట్రాక్టరుకు, మరో భాగం ప్రభుత్వానికి బాకీ అవుతుంది. పద్దులు రాయడంలో వచ్చే పొరపాట్లలో చాలా భాగం ఈ ఒక్క సంగతిని మరచిపోవడం వల్ల వచ్చేవే.

ఈ వ్యాసంలోని ఉదాహరణ 2024–25 ఆర్థిక సంవత్సరానిది. సెక్షన్లు, ఫారాల సంఖ్యలు ఆ ఏడాది అమల్లో ఉన్న 1961 చట్టం ప్రకారం ఇచ్చినవి.

నేపథ్యం

194సి సెక్షను 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జీతాల మీద కోత అంతకు ముందే ఉంది. కాంట్రాక్టర్ల ఆదాయం మాత్రం పని పూర్తయి, లెక్కలు తేలి, వారు రిటర్ను వేసేదాకా పన్ను శాఖకు కనిపించేది కాదు. సొమ్ము చేతులు మారే చోటే చిన్న వాటా పట్టి ఉంచితే పన్ను ముందుగా వస్తుంది, చెల్లింపు జరిగినట్టు ఆధారమూ మిగులుతుంది. కాంట్రాక్టు కోత రేటు తక్కువగా ఉండడానికి కారణం కూడా ఇదే. కోసేది కాంట్రాక్టరు లాభం మీద కాదు, మొత్తం బిల్లు మీద. బిల్లులో కూలీ, సరుకు, అద్దె యంత్రాల ఖర్చు అన్నీ కలిసి ఉంటాయి.

ఈ సెక్షనులోని ‘పని’ అన్న మాట ఎంతవరకు వర్తిస్తుందన్నది చాలాకాలం వివాదంగా నడిచింది. అసోసియేటెడ్ సిమెంట్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 1993లో తీర్పు చెప్పింది. సిమెంటు బస్తాలను వ్యాగన్లలోకి ఎత్తించే పని కూడా ఇందులోకి వస్తుందని, భవన నిర్మాణం వంటి పనులకే దీన్ని పరిమితం చేయకూడదని కోర్టు పేర్కొంది. 1995 జులై 1 నుంచి ప్రకటనలు, ప్రసారాలు, రవాణా, క్యాటరింగ్ కూడా పనులేనని చట్టమే స్పష్టం చేసింది. కాంట్రాక్టరుకు ఒక రేటు, ఉప కాంట్రాక్టరుకు మరో రేటు అన్న తేడా 2009 అక్టోబరు 1తో పోయింది. అప్పటి నుంచి సొమ్ము అందుకునేవారు ఎవరన్న దాన్ని బట్టే రేటు ఉంటోంది.

ఎవరు కోయాలి, ఎంత కోయాలి

కంపెనీ, భాగస్వామ్య సంస్థ, సహకార సంఘం, ట్రస్టు, ప్రభుత్వ శాఖ, స్థానిక సంస్థ తమ కాంట్రాక్టరుకు చెల్లించేటప్పుడు పన్ను కోయాలి. వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు మాత్రం ఈ బాధ్యత అన్ని వేళలా ఉండదు. అంతకు ముందు ఏడాది వ్యాపార టర్నోవరు కోటి రూపాయలు, వృత్తి ఆదాయమైతే వసూళ్లు 50 లక్షలు దాటినప్పుడే ఈ సెక్షను వారికి వర్తిస్తుంది. సొంత ఇంటికి రంగులు వేయించుకోవడం వంటి వ్యక్తిగత పనులకు ఇది వర్తించదు.

పని చేసినవారు వ్యక్తి లేదా హిందూ అవిభక్త కుటుంబం అయితే 1 శాతం, భాగస్వామ్య సంస్థ, కంపెనీ వంటివైతే 2 శాతం కోయాలి. బిల్లు మీద ‘కన్‌స్ట్రక్షన్స్’, ‘ఎంటర్‌ప్రైజెస్’ అని రాసి ఉన్నంత మాత్రాన అది సంస్థ అనుకోకూడదు. ఒక్క మనిషి నడిపే సొంత వ్యాపారానికీ అలాంటి పేర్లు ఉంటాయి. సందేహం తీర్చేది పాన్ సంఖ్యలోని నాలుగో అక్షరం. అక్కడ `P` ఉంటే వ్యక్తి, `H` ఉంటే అవిభక్త కుటుంబం, `F` ఉంటే భాగస్వామ్య సంస్థ, `C` ఉంటే కంపెనీ. మొదటి రెండింటికి 1 శాతం, తక్కిన రెండింటికి 2 శాతం. కాంట్రాక్టరు పాన్ ఇవ్వకపోతే రేటు 20 శాతానికి పెరుగుతుంది. అందుకే అనుభవం ఉన్న అకౌంటెంట్లు పని ఒప్పుకున్న రోజే పాన్ ప్రతి తీసుకుని సరిచూసుకుంటారు.

చిన్న చెల్లింపులకు కోత లేదు. ఒక్కసారి జమ చేసేది లేదా చెల్లించేది 30,000 రూపాయలు మించకుండా, ఏడాది మొత్తం మీద ఒకే కాంట్రాక్టరుకు వెళ్లేది లక్ష రూపాయలు మించకుండా ఉంటే కోయనక్కర్లేదు. ఈ రెండింటిలో ఏది దాటినా కోత తప్పదు. సరుకు లారీల విషయంలో ఒక ప్రత్యేక సడలింపు ఉంది. ఏడాదిలో ఎప్పుడూ పదికి మించి సరుకు వాహనాలు లేని రవాణాదారు ఆ మేరకు ప్రకటన, పాన్ ఇస్తే కోత ఉండదు. అయినా ఆ చెల్లింపు వివరాన్ని త్రైమాసిక నివేదికలో చూపాలి.

ఏ మొత్తం మీద

కోత బిల్లు మొత్తం మీద ఉంటుంది. జీఎస్టీకి మాత్రం వెసులుబాటు ఉంది. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 జులై 19న ఇచ్చిన 23/2017 సర్క్యులరు ప్రకారం, ఒప్పందాన్ని అనుసరించి జీఎస్టీని విడిగా చూపితే ఆ భాగాన్ని వదిలి తక్కిన దాని మీద కోయాలి. జీఎస్టీ కలిపి ఒకే అంకెగా రాసిన బిల్లుకు ఈ వెసులుబాటు దొరకదు.

సరుకు విలువ సంగతిలో ఎక్కువమంది పొరబడతారు. బిల్లులో సరుకు, కూలీ వేర్వేరుగా రాస్తే కూలీ మీద మాత్రమే కోస్తే చాలని ఒక నమ్మకం ఉంది. చట్టం ఆ సౌకర్యాన్ని ఒక్క సందర్భానికే ఇచ్చింది. పని ఇచ్చినవారి దగ్గరే ముడిసరుకు కొని, వారు చెప్పిన కొలతల ప్రకారం వస్తువు తయారుచేసి ఇచ్చేటప్పుడు, ఆ సరుకు విలువను బిల్లులో విడిగా చూపితే దాన్ని వదలవచ్చు. రంగుల కాంట్రాక్టరు బజారులో తానే రంగు డబ్బాలు కొని గోడలకు వేస్తే రంగు ధరతో సహా మొత్తం మీద కోయాల్సిందే.

ఎప్పుడు: చెక్కు తేదీ కాదు, జమ తేదీ

కాంట్రాక్టరు ఖాతాలో జమ చేసిన రోజు, సొమ్ము చెల్లించిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే ఆ రోజున పన్ను కోయాలి. బిల్లు వచ్చిన రోజున పద్దు రాసి, రెండు వారాల తరువాత చెక్కు ఇస్తే, కోత జరగవలసింది పద్దు రాసిన రోజున. కాంట్రాక్టరు పేరుకు బదులు ‘సస్పెన్స్ ఖాతా’ అని గానీ మరో పేరుతో గానీ జమ రాసినా, అది కాంట్రాక్టరు ఖాతాలో జమ చేసినట్టే లెక్క. అడ్వాన్సు ఇస్తే చెల్లింపు ముందు జరిగినట్టు కాబట్టి అడ్వాన్సులోనే కోయాలి.

ప్రభుత్వానికి కట్టే గడువు కూడా ఈ తేదీ నుంచే లెక్కకు వస్తుంది. ఒక నెలలో కోసిన పన్నును మరుసటి నెల 7వ తేదీలోగా జమ చేయాలి. మార్చిలో కోసినదానికి ఏప్రిల్ 30 దాకా గడువు ఉంది.

ఒక ఉదాహరణ

విజయవాడ దగ్గర అట్టపెట్టెలు తయారుచేసే ఒక భాగస్వామ్య సంస్థ గోదాము పైకప్పు బాగు చేయించి, గోడలకు రంగులు వేయించిందనుకుందాం. పని చేసింది ఒక వ్యక్తి. పాన్‌లో నాలుగో అక్షరం `P`. పని విలువ 2,00,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 36,000, బిల్లు మొత్తం 2,36,000. ఆరు నెలల్లో పైకప్పు కారకపోతేనే ఇస్తామని పని విలువలో 10 శాతం, అంటే 20,000 రూపాయలు నిలిపి ఉంచాలని ఒప్పందం. బిల్లు 2024 అక్టోబరు 29న వచ్చింది, అదే రోజు పద్దు రాశారు.

కోయవలసిన పన్ను 2,00,000 మీద 1 శాతం, అంటే 2,000 రూపాయలు. చిట్టా పద్దు ఇలా ఉంటుంది.

| 2024 అక్టోబరు 29 | డెబిట్ రూ. | క్రెడిట్ రూ. |
|---|---|---|
| భవన మరమ్మతుల ఖాతా | 2,00,000 | |
| ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా | 18,000 | |
| ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ ఖాతా | 18,000 | |
| కాంట్రాక్టరు ఖాతాకు | | 2,14,000 |
| నిలిపి ఉంచిన సొమ్ము (కాంట్రాక్టరు) ఖాతాకు | | 20,000 |
| చెల్లించవలసిన టీడీఎస్ ఖాతాకు | | 2,000 |

ఖర్చు ఖాతాలో పడింది పూర్తి 2,00,000. పన్ను కోసినందుకు అది 1,98,000 కాలేదు. క్రెడిట్ వైపున్న మూడు అంకెలు మూడు బాకీలు. 2,14,000 కాంట్రాక్టరుకు ఇప్పుడు ఇవ్వవలసింది, 20,000 కాంట్రాక్టరుకే తరువాత ఇవ్వవలసింది, 2,000 ప్రభుత్వానికి కట్టవలసింది. చివరిది సంస్థ సొంత పన్ను కాదు. కాంట్రాక్టరు సొమ్మును ప్రభుత్వం కోసం కొన్నాళ్లు దగ్గర ఉంచుకున్నట్టు లెక్క. అందుకే అది లాభనష్టాల ఖాతాలోకి రాదు, ఆస్తి అప్పుల పట్టీలో స్వల్పకాలిక అప్పుగా కనిపిస్తుంది. ట్యాలీ వాడేవారు ఈ ఖాతాను `Duties & Taxes` వర్గం కింద తెరుస్తారు.

నిలిపి ఉంచిన 20,000 మీద కోతను వాయిదా వేయలేదన్నది గమనించాలి. ఆ సొమ్ము ఇంకా చేతికి ఇవ్వకపోయినా కాంట్రాక్టరుకు బాకీగా పద్దు రాసేశారు. ఖాతా పేరు వేరైనా అది జమే.

మరమ్మతును ఖర్చుగా రాశారు గనుక, అమ్మే సరుకు జీఎస్టీ పడేది గనుక, కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా చూపారు. అదే పనిని కొత్త గోదాము నిర్మాణంగా ఆస్తి విలువలో కలిపి ఉంటే ఆ క్రెడిట్ దొరకదు. అప్పుడు 36,000 కూడా ఆస్తి విలువలో చేరేది. అయినా జీఎస్టీని విడిగా చూపారు కాబట్టి కోత 2,000 దాటదు.

పద్దు అక్టోబరులో పడింది కాబట్టి గడువు నవంబరు 7. సంస్థ నవంబరు 5న పన్ను కట్టి, 12న కాంట్రాక్టరుకు సొమ్ము ఇచ్చింది. ఆరు నెలలు గడిచాక 2025 ఏప్రిల్ 30న నిలిపి ఉంచిన సొమ్ము విడుదల చేసింది.

| తేదీ, పద్దు | డెబిట్ రూ. | క్రెడిట్ రూ. |
|---|---|---|
| 2024 నవంబరు 5: చెల్లించవలసిన టీడీఎస్ ఖాతా | 2,000 | |
| బ్యాంకు ఖాతాకు | | 2,000 |
| 2024 నవంబరు 12: కాంట్రాక్టరు ఖాతా | 2,14,000 | |
| బ్యాంకు ఖాతాకు | | 2,14,000 |
| 2025 ఏప్రిల్ 30: నిలిపి ఉంచిన సొమ్ము ఖాతా | 20,000 | |
| బ్యాంకు ఖాతాకు | | 20,000 |

బ్యాంకు నుంచి వెళ్లిన మూడు మొత్తాలు కూడితే 2,36,000. బిల్లు కూడా అంతే. ఈ లెక్క సరిపోతే పద్దులు సక్రమంగా పడ్డట్టే. ఏప్రిల్‌లో 20,000 ఇచ్చేటప్పుడు మళ్లీ కోయకూడదు, అక్టోబరులోనే దాని మీదా కోశారు.

జమ, నివేదిక, ధ్రువపత్రం

పన్ను కోసేవారికి పాన్ కాక టాన్ అనే పది అక్షరాల సంఖ్య ఉండాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లోని `e-Pay Tax` ద్వారా 281 చలానా మీద సొమ్ము కట్టాలి. కాంట్రాక్టు చెల్లింపులకు అక్కడ ఎంచుకోవలసిన కోడు `94C`. అసెస్‌మెంట్ సంవత్సరం ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. 2024 అక్టోబరులో కోసినది 2025–26 అసెస్‌మెంట్ సంవత్సరానికి చెందుతుంది. ఇక్కడ 2024–25 అని ఎంచుకుంటే సొమ్ము ఖజానాకు చేరినా కోతతో జతపడదు, చలానాను సరిచేయించుకోవలసి వస్తుంది.

చలానా కట్టడంతో పని పూర్తి కాదు. ప్రభుత్వానికి అప్పటికి తెలిసింది ఫలానా టాన్ నుంచి 2,000 వచ్చిందనే. అది ఎవరి పన్నో చెప్పేది త్రైమాసిక నివేదిక. జీతాలు కాని చెల్లింపులకు 26క్యూ ఫారం దాఖలు చేయాలి. ఏప్రిల్–జూన్ త్రైమాసికానికి జులై 31, జులై–సెప్టెంబరుకు అక్టోబరు 31, అక్టోబరు–డిసెంబరుకు జనవరి 31, జనవరి–మార్చికి మే 31 గడువులు. మన ఉదాహరణలోని కోత అక్టోబరుది కాబట్టి 2025 జనవరి 31లోగా నివేదించాలి. అందులో కాంట్రాక్టరు పాన్, జమ చేసిన 2,00,000, కోసిన 2,000, చలానా వివరాలు ఉంటాయి. నివేదిక అందాకే ఆ 2,000 కాంట్రాక్టరు 26ఏఎస్‌లో కనిపిస్తుంది. నివేదిక గడువు దాటిన 15 రోజుల్లోగా కాంట్రాక్టరుకు 16ఏ ధ్రువపత్రం ఇవ్వాలి.

పాన్‌లో ఒక్క అక్షరం తప్పుపడితే పన్ను మరొకరి ఖాతాకు పోవచ్చు, లేదా పాన్ ఇవ్వనట్టు లెక్కగట్టి శాఖ 20 శాతం అడగవచ్చు. అప్పుడు 2,000 బదులు 40,000 కోయాల్సిందని, 38,000 తక్కువ కోశారని నోటీసు వస్తుంది. సవరణ నివేదికతో దీన్ని సరిదిద్దుకోవచ్చు.

కాంట్రాక్టరు పుస్తకాల్లో

ఇదే లావాదేవీ కాంట్రాక్టరు వైపు అద్దంలో బొమ్మలా కనిపిస్తుంది. ఆదాయం 2,00,000 గానే రాసుకోవాలి, చేతికి వచ్చినంతే రాసుకోకూడదు. కోసిన 2,000 రావలసిన ఆస్తి. రిటర్ను వేసేటప్పుడు తన పన్నులో దాన్ని తగ్గించుకుంటాడు, పన్ను అంతకన్నా తక్కువైతే తక్కినది తిరిగి పొందుతాడు. చిన్న కాంట్రాక్టర్లలో చాలామంది ఆదాయానికి పన్నే పడకపోవచ్చు. అయినా రిటర్ను వేస్తే తప్ప కోసిన సొమ్ము వెనక్కి రాదు. లాభం బాగా తక్కువ ఉంటుందని ముందే తెలిసినవారు 197 సెక్షను కింద తక్కువ రేటుకు ధ్రువపత్రం తెచ్చుకుని పని ఇచ్చేవారికి చూపవచ్చు.

పరిమితి దాటించే బిల్లు, అడ్వాన్సు

చిన్న చిన్న పనులు చేసేవారి విషయంలో మెలిక ఏడాది పరిమితి దగ్గర వస్తుంది. ఒక ప్లంబరుకు జూన్‌లో 28,000, ఆగస్టులో 29,000, అక్టోబరులో 27,000 ఇచ్చారు. ఏదీ 30,000 దాటలేదు, మొత్తం 84,000 అయ్యింది, కోత లేదు. డిసెంబరులో మరో 26,000 బిల్లు వచ్చింది. అదీ 30,000 లోపే. కానీ మొత్తం 1,10,000 అయ్యింది, లక్ష దాటింది. ఇప్పుడు కోయవలసింది 26,000 మీద కాదు, లక్ష దాటిన 10,000 మీదా కాదు, మొత్తం 1,10,000 మీద. 1 శాతం చొప్పున 1,100 రూపాయలు ఈ చివరి బిల్లులోనే పట్టాలి, ప్లంబరుకు 24,900 వెళుతుంది. ఏడాదిలో లక్ష దాటుతుందని ముందే తెలిసిన సంస్థలు మొదటి బిల్లు నుంచే కోస్తాయి. చివర్లో ఒక్కసారిగా కోస్తే మాట పడాల్సి వస్తుందని వాటికి తెలుసు.

అడ్వాన్సు విషయంలో అటూ ఇటూ రెండు పొరపాట్లు జరుగుతాయి. మన గోదాము పనికే సెప్టెంబరు 10న 50,000 అడ్వాన్సు ఇచ్చి ఉంటే అప్పుడే 500 కోసి 49,500 ఇవ్వాలి. ఆ 500 అక్టోబరు 7లోగా ప్రభుత్వానికి వెళ్లాలి. అడ్వాన్సు ఇంకా ఖర్చు కాదు, పని జరగలేదు కాబట్టి అది 50,000 విలువైన ఆస్తిగా పుస్తకాల్లో ఉంటుంది. ఖర్చు పడక ముందే పన్ను బాకీ పుట్టే సందర్భం ఇది. అక్టోబరు 29న పూర్తి బిల్లు వచ్చినప్పుడు తక్కిన 1,50,000 మీద 1,500 కోస్తే సరిపోతుంది. అడ్వాన్సు రోజున ఏమీ కోయకపోవడం మొదటి పొరపాటు. దాన్ని మరచి బిల్లు రోజున మళ్లీ 2,000 పూర్తిగా కోయడం రెండోది.

సంవత్సరాంతపు పద్దు

మార్చి 31 నాటికి పని పూర్తయినా బిల్లు రాకపోవచ్చు. ఆ ఏడాది ఖర్చు ఆ ఏడాదిలోనే చూపాలి కాబట్టి అంచనా వేసి, ‘చెల్లించవలసిన ఖర్చులు’ అన్న పేరుతో పద్దు రాస్తారు. పని ఎవరు చేశారో, ఎంత ఇవ్వాలో తెలిసినప్పుడు ఈ పద్దుకు కూడా సస్పెన్స్ ఖాతా నియమం వర్తిస్తుంది. మార్చి 31న పన్ను కోసి ఏప్రిల్ 30లోగా కట్టాలి. ఏప్రిల్‌లో అసలు బిల్లు వచ్చాక, మార్చిలో కోసినదాన్ని వదిలి ఎక్కువైన మొత్తం మీద మాత్రమే కోయాలి. చాలా సంస్థలు ఏప్రిల్ 1న మార్చి అంచనాను తిరగరాసి, కొత్త బిల్లు మీద కోత వేసి సరిపెడతాయి. ఆడిటరు మార్చి 31 నాటి చెల్లించవలసిన ఖర్చుల జాబితాను, ఆ నెల టీడీఎస్‌ను పక్కపక్కన పెట్టి చూసేది దీన్ని పట్టుకోవడానికే.

ప్రభుత్వ పనుల బిల్లులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రోడ్లు, కాలువలు, బడి భవనాల పనులు చేసే గుత్తేదారు బిల్లులో ఆదాయపు పన్ను ఒక్కటే కోత కాదు. ఎం బుక్‌లో కొలతలు ఎక్కి బిల్లు తయారయ్యాక, ఒప్పంద విలువ రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ చట్టం కింద 2 శాతం కోత పడుతుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1 శాతం సెస్సు, వాడిన ఇసుక, కంకర, మట్టి మీద సీనరేజి కూడా పడతాయి. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని కోతలు. ఆదాయపు పన్ను కోతను గుత్తేదారు తన ఆదాయపు పన్నులో, జీఎస్టీ కోతను జీఎస్టీ ఖాతాలో వాడుకోవచ్చు. సెస్సు, సీనరేజి తిరిగి రావు, అవి పని ఖర్చులో భాగమే. కాబట్టి అన్నిటినీ ‘కోతలు’ అని ఒకే ఖాతాలో వేసుకునే గుత్తేదారు తిరిగి రావలసిన సొమ్మును కూడా ఖర్చుగా రాసుకుంటాడు.

పొరపాట్లు, వాటి ధర

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు, చెక్కు ఇచ్చిన రోజున, చెక్కు మొత్తానికే పద్దు రాయడం. అలా రాస్తే ఖర్చు తక్కువగా పడుతుంది, ప్రభుత్వానికి బాకీ అసలు కనిపించదు. తరువాత 2,000 కట్టినప్పుడు దానికి ఎదురు ఖాతా దొరక్క ‘ఆదాయపు పన్ను’ అనో ‘టీడీఎస్ ఖర్చు’ అనో రాస్తారు. ఏడాది చివర 26క్యూలో చూపిన మొత్తం, మరమ్మతుల ఖాతాలోని మొత్తం సరిపోలకపోవడమే దీని గుర్తు.

చెల్లించవలసిన టీడీఎస్ ఖాతాను ప్రతి నెలాఖరున చూస్తే తక్కినవి కూడా తెలిసిపోతాయి. సక్రమంగా ఉన్న ఖాతాలో నెలాఖరు నిల్వ ఆ నెలలో కోసిన పన్నుకు సమానంగా ఉండాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే పాత నెలలది కట్టకుండా మిగిలిపోయింది. డెబిట్ నిల్వ కనిపిస్తే, కట్టారు గానీ కోత పద్దు రాయలేదు, లేదా ఎక్కువ కట్టారు.

ఆలస్యానికి వడ్డీ రెండు రకాలు. కోయవలసిన రోజున కోయకపోతే, కోసిన రోజు వరకు నెలకు 1 శాతం. కోసి కట్టకపోతే, కోసిన రోజు నుంచి కట్టిన రోజు వరకు నెలకు ఒకటిన్నర శాతం. నెలలో ఒక్క రోజు పడ్డా పూర్తి నెలగా లెక్కిస్తారు. పన్ను శాఖ వ్యవస్థ క్యాలెండరు నెలల ప్రకారం లెక్కగడుతుంది. మన ఉదాహరణలో నవంబరు 7కు బదులు 8న కట్టి ఉంటే ఆలస్యం ఒక్క రోజే. అయినా వడ్డీ అక్టోబరు 29 నుంచి మొదలై, అక్టోబరు ఒకటి, నవంబరు ఒకటి, రెండు నెలలకు 3 శాతం, అంటే 60 రూపాయలు. చెక్కు తేదీనే కోత తేదీ అనుకుని డిసెంబరు 6న కట్టినవారికి, పుస్తకాల్లో కోత అక్టోబరు 29నే పడి ఉంటే, మూడు నెలలకు 90 రూపాయలు. 26క్యూ ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది. అది కోసిన పన్ను మొత్తాన్ని మించదు. 2,000 రూపాయల కోత ఉన్న నివేదిక పది రోజులు ఆలస్యమైతే ఆ పరిమితి నిండిపోతుంది.

వడ్డీకన్నా బరువైనది ఖర్చును ఒప్పుకోకపోవడం. అసలు కోయకపోయినా, కోసి రిటర్ను గడువులోగా కట్టకపోయినా ఆ ఖర్చులో 30 శాతాన్ని ఆ ఏడాది ఆదాయం నుంచి తగ్గించుకోనివ్వరు. మన సంస్థకు అది 60,000 రూపాయలు. భాగస్వామ్య సంస్థ పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 18,720 రూపాయలు అదనపు పన్ను. 2,000 కట్టనందుకు ఇంత. తరువాతి ఏడాది పన్ను కడితే ఆ 60,000ను ఆ ఏడాదిలో తగ్గించుకోవచ్చు. కోయడం మరచిపోయినప్పుడు మరో దారి కూడా ఉంది. కాంట్రాక్టరు ఆ సొమ్మును తన రిటర్నులో చూపి పన్ను కట్టేసి ఉంటే, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరణతో 26ఏ ఫారం దాఖలు చేయవచ్చు. అప్పుడు అసలు పన్ను అడగరు, వడ్డీ మాత్రం కాంట్రాక్టరు రిటర్ను వేసిన రోజు వరకు కట్టాలి.

2025 చట్టం తరువాత

1961 చట్టం స్థానంలో వచ్చిన 2025 నాటి ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్దేశించినది. అందులో వేర్వేరు సెక్షన్లలో ఉన్న కోత నియమాలను 393 సెక్షను కింద పట్టికలుగా చేర్చారు, కాంట్రాక్టు చెల్లింపు కూడా వాటిలో ఒక వరుస అయింది. సెక్షను సంఖ్య మారినా పుస్తకాల్లో పద్దు రూపం మారదు. ఖర్చు పూర్తి మొత్తానికి పడుతుంది, క్రెడిట్ వైపు అది కాంట్రాక్టరుకు, ప్రభుత్వానికి రెండుగా చీలుతుంది.